ముదిరిన చిత్తవైకల్యంలో కృత్రిమ పోషణ నిరాకరణ నమోదు

ముదిరిన చిత్తవైకల్యంలో కృత్రిమ పోషణ నిరాకరణ నమోదు అనగా, చిత్తవైకల్యం (డిమెన్షియా) చివరి దశకు చేరిన వ్యక్తికి గొట్టం ద్వారా ఆహారం ఎక్కించవద్దని ఆ వ్యక్తి తెలిసి చేసిన నిర్ణయాన్ని, దానికి గల కారణాలతో సహా, వైద్య రికార్డులోను చట్టబద్ధమైన పత్రంలోను వ్రాసి ఉంచడం. ఈ పేరులోనే ఒక చిక్కు ఉన్నది. వ్యాధి ముదిరిన రోగికి అటువంటి నిర్ణయం చేసే శక్తి సాధారణంగా మిగిలి ఉండదు. అందుచేత ఆచరణలో ఈ నిరాకరణ వ్యాధి తొలి దశలోనో, అంతకు ముందో చేయబడి, కొన్ని సంవత్సరాల తరువాత అమలులోకి వస్తుంది. నిర్ణయం చేసిన నాటి మనిషికి, దాని ఫలితం అనుభవించే నాటి మనిషికి మధ్య గల ఈ దూరాన్ని దాటించగలిగేది వ్రాత ఒక్కటే.

వ్యాధి చివరి దశ, తిండి సమస్య

అల్జీమర్స్ మొదలైన వ్యాధుల వలన కలిగే చిత్తవైకల్యం చివరి దశలో రోగి మంచం పడతాడు, అయినవారిని గుర్తుపట్టలేడు, రోజు మొత్తం మీద ఐదారు మాటలకు మించి పలుకలేడు. నమలడం, మింగడం కూడా మెదడు చేయించే పనులే కాబట్టి అవి సైతం క్రమంగా దెబ్బతింటాయి. ముద్ద బుగ్గలో ఉండిపోతుంది, నీళ్ళు త్రాగితే పొలమారుతుంది. అమెరికాలోని నర్సింగ్ హోములలో ఈ దశలో ఉన్న 323 మందిని 18 నెలల పాటు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, తిండికి సంబంధించిన సమస్య ఏర్పడే అవకాశం 85.8 శాతంగాను, న్యుమోనియా వచ్చే అవకాశం 41.1 శాతంగాను తేలింది. ఆ 18 నెలలలో సగానికి పైగా రోగులు మరణించారు. అంటే తినలేకపోవడం ఈ వ్యాధికి అనుకోకుండా వచ్చి చేరిన ఉపద్రవం కాదు, వ్యాధి నడకలో అదొక భాగం.

ఇక్కడే గొట్టం ప్రస్తావన వస్తుంది. మన ఆసుపత్రులలో ఎక్కువగా వాడేది రైల్స్ ట్యూబు. దీనిని ముక్కు గుండా జీర్ణాశయం వరకు దింపి, పలుచని ఆహారాన్ని రెండు మూడు గంటలకొకసారి పోస్తారు. దీర్ఘకాలం అవసరమనుకుంటే పొట్ట గోడకు చిన్న రంధ్రం చేసి నేరుగా జీర్ణాశయంలోకి అమర్చే పెగ్ ట్యూబు వాడతారు. పక్షవాతం వచ్చి కొన్ని వారాలలో మింగే శక్తి తిరిగి వచ్చే రోగికి, గొంతు శస్త్రచికిత్స చేయించుకున్న రోగికి ఇవి ప్రాణాధారాలు. ఈ వ్యాసంలోని చర్చ వారికి వర్తించదు.

ముదిరిన చిత్తవైకల్యం విషయంలో మాత్రం గొట్టం వలన ఆయుర్దాయం పెరుగుతుందని గాని, న్యుమోనియా తగ్గుతుందని గాని, పుండ్లు మానుతాయని గాని చూపే ఆధారం దొరకలేదు. 1999లో ఫినుకేన్ మొదలైనవారు చేసిన సమీక్ష, 2009లో వచ్చి తిరిగి 2021లో తాజాపరచబడిన కాక్రేన్ సమీక్ష ఈ విషయంలో ఏకీభవిస్తున్నవి. కారణం ఊహించదగినదే. ఊపిరితిత్తులలోకి జారేది అన్నం మాత్రమే కాదు. రోగి లాలాజలం, జీర్ణాశయం నుండి పైకి ఎగదన్నే ద్రవం కూడా జారుతాయి. వాటిని గొట్టం ఆపలేదు. గొట్టం ఎందుకు ఉన్నదో తెలియని రోగి దానిని పీకివేస్తాడు. అప్పుడు చేతులు మంచానికి కడతారు. కదలిక తగ్గి, విరేచనాలు పెరిగి, వీపు మీద పడక పుండ్లు పడతాయి. అమెరికా వృద్ధవైద్య సంఘం 2014లో ఈ దశలో గొట్టాన్ని సిఫారసు చేయడం లేదని, బదులుగా జాగ్రత్తగా చేతితో తినిపించాలని ప్రకటించింది.

చేతితో తినిపించడం అంటే రోగిని కూర్చోబెట్టి, గడ్డం కాస్త క్రిందికి వంచి, మెత్తటి ఆహారం చిన్న చెంచాతో, అతడు మింగిన తరువాతనే మరొక చెంచా పెట్టడం. వద్దన్నప్పుడు ఆపివేయడం కూడా ఇందులో భాగమే. దీని లక్ష్యం ఇన్ని కేలరీలు లోపలికి పంపడం కాదు, రోగికి రుచి, ఓదార్పు కలిగించడం. "గొట్టం వద్దు" అన్నంత మాత్రాన "అన్నం వద్దు" అన్నట్లు కాదు. ఈ రెండింటిని కలిపివేయడమే ఈ విషయంలో జరిగే అతి పెద్ద పొరపాటు. తెలుగు ఇళ్ళలో తలెత్తే తగాదాలకు కూడా చాలావరకు ఇదే మూలం. "అమ్మకు అన్నం పెట్టకుండా పంపించారు" అనే మాట ఒకసారి పడితే ఆ కుటుంబంలో అది ఇరవై ఏళ్ళైనా మాసిపోదు.

తెలిసి నిరాకరించడం అంటే ఏమిటి

ఏ చికిత్సనైనా కాదనే హక్కు సామర్థ్యం గల ప్రతి వయోజనునికి ఉన్నది. ఆ నిరాకరణ చెల్లుబాటు కావాలంటే మూడు సంగతులు ఉండాలి: విషయం తెలియజెప్పబడి ఉండాలి, ఒత్తిడి ఉండరాదు, నిర్ణయ సామర్థ్యం ఉండాలి. మొదటి రెండూ చెప్పినంత తేలికగా అర్థమయ్యేవే. చిత్తవైకల్యంలో వివాదమంతా మూడవదాని చుట్టూ తిరుగుతుంది.

నిర్ణయ సామర్థ్యాన్ని నాలుగు అంశాలుగా చూడడం 1988లో అపెల్‌బామ్, గ్రిస్సో అనేవారు వ్రాసిన వ్యాసంతో స్థిరపడింది. చెప్పినది అర్థం చేసుకోగలగాలి. అది తనకే జరగబోతున్నదని గుర్తించగలగాలి. కారణాలను పోల్చి ఆలోచించగలగాలి. ఒక నిర్ణయాన్ని స్థిరంగా తెలుపగలగాలి. ఇందులో రెండవది తరచుగా విస్మరింపబడుతుంది. గొట్టం గురించి అంతా వల్లించిన రోగి, "నాకేమీ జబ్బు లేదు, ఇదంతా నాకెందుకు చెబుతున్నారు" అని అంటే, అతనికి అర్థమయింది గాని గుర్తింపు లేదన్నమాట.

సామర్థ్యం అనేది ఉన్నది, లేదు అని మనిషి మొత్తానికి తగిలించే ముద్ర కాదు. అది ఒక్కొక్క నిర్ణయానికి, ఒక్కొక్క సమయానికి సంబంధించినది. బ్యాంకు లెక్కలు చూసుకోలేని వ్యక్తి గొట్టం వద్దని చక్కగా చెప్పగలడు. జ్ఞాపకశక్తి పరీక్షలో ముప్ఫైకి ఇరవై రెండు మార్కులు రావడం సామర్థ్యం లేదనడానికి ఋజువు కాదు, ఇరవై ఎనిమిది రావడం ఉన్నదనడానికి ఋజువూ కాదు. అందువలన రికార్డులో మార్కు మాత్రమే వ్రాసి ఊరుకోకూడదు. ఏమి అడిగారో, రోగి ఏమన్నాడో అతని మాటలలోనే వ్రాయాలి.

పెదవి బిగించడం నిరాకరణ అవుతుందా

వ్యాధి ముదిరిన రోగి చెంచా చూసి తల తిప్పుకుంటాడు, పెదవులు బిగిస్తాడు, నోటిలోనిది ఉమ్మివేస్తాడు. దీనిని "తెలిసి చేసిన నిరాకరణ" అని వ్రాయడం తప్పు. పైన చెప్పిన నాలుగు అంశాలలో ఏదీ ఇక్కడ నిరూపించబడదు. అలాగని దీనిని పట్టించుకోకపోవడం కూడా తప్పే. ఇది అయిష్టతకు సూచన, కొన్నిసార్లు బాధకు సూచన.

కాబట్టి ముందుగా సరిచేయదగిన కారణాలను వెదకాలి. నోటిలో పుండు గాని, తెల్లని బూజు గాని, విరిగిన పన్ను గాని ఉండవచ్చును. కట్టుడు పళ్ళు వదులై గుచ్చుకోవచ్చును. నాలుగు రోజులుగా మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షను, నిద్రమత్తు కలిగించే మాత్ర, దిగులు జబ్బు, తెలియని మనిషి తినిపించడం, ఆహారం మరీ వేడిగా ఉండడం వంటివి కూడా కారణాలు కావచ్చును. వీటిని చూచినట్లు తేదీతో నమోదు చేయాలి. ఇవి లేవని గాని, సరిచేసినా మార్పు లేదని గాని తేలినప్పుడే అది వ్యాధి నడక అని అనుకోవాలి. "రోగి తిండి నిరాకరించాడు" అనే ఒక్క వాక్యం చాలా కేస్ షీట్లలో కనిపిస్తుంది. దానినుండి చదివేవారికి తెలిసేది శూన్యం. "మధ్యాహ్నం 1 గంటకు కుమార్తె పెరుగన్నం పెట్టగా మూడు చెంచాలు మింగి, నాలుగవసారి పెదవులు మూసి తల ఎడమకు త్రిప్పినాడు, నోటిలో పుండ్లు లేవు" అని వ్రాస్తే తరువాతి వైద్యునికి పనికి వస్తుంది.

నైతిక వాదం

గొట్టం ద్వారా ఇచ్చేది ఆహారమా, వైద్యమా అనేది తొలి ప్రశ్న. ఆహారమైతే ఎవరికైనా ఇవ్వవలసినదే, వైద్యమైతే కాదనవచ్చును. అమెరికాలోని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1985లో కాన్రాయ్ కేసులో ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది. క్లెయిర్ కాన్రాయ్ 84 ఏళ్ళ వృద్ధురాలు, మెదడు తీవ్రంగా దెబ్బతిని, ముక్కు గొట్టం మీద ఆధారపడి నర్సింగ్ హోములో ఉండేది. సంరక్షకుడైన మేనల్లుడు గొట్టం తీయించమని కోరాడు. తీర్పు వచ్చేనాటికి ఆమె జీవించి లేదు. అయినా గొట్టం ద్వారా ఆహారమివ్వడం కృత్రిమ శ్వాస వంటి వైద్య ప్రక్రియయేనని, రోగి కోరిక స్పష్టంగా ఉంటే దానినే పాటించాలని కోర్టు అభిప్రాయపడింది. కోరిక స్పష్టంగా లేనప్పుడు ఎంత సాక్ష్యం ఉన్నదన్నదానిని బట్టి వేర్వేరు పరీక్షలు ప్రతిపాదించింది. ఆ తేడాలన్నీ చివరకు "ఆమె ఏదైనా వ్రాసి పెట్టిందా" అనే ప్రశ్న దగ్గరకే వచ్చి చేరతాయి.

రెండవ ప్రశ్న మరింత లోతైనది. ఒకనాటి నేను చేసిన నిర్ణయం నేటి నన్ను కట్టిపడవేయవచ్చునా? తత్త్వవేత్త రోనాల్డ్ డ్వార్కిన్ 1993లో ప్రచురించిన లైఫ్స్ డొమీనియన్ అనే గ్రంథంలో మనిషికి రెండు రకాల ప్రయోజనాలు ఉంటాయని అన్నాడు. ఒకటి ఆ క్షణపు సుఖదుఃఖాలు. రెండవది తన జీవితం ఎలా సాగాలి, ఎలా ముగియాలి అనే దృష్టి. రెండవదానిని ఏర్పరచుకోగల శక్తి సామర్థ్యం ఉన్ననాటి మనిషికే ఉన్నది కాబట్టి ఆనాటి మాటే చెల్లాలని ఆయన వాదన. రెబెక్కా డ్రెస్సర్ 1995లో దీనిని ఖండించింది. ఎదుట ఉన్న రోగి సంతోషంగా ఉన్నప్పుడు, అతనికి ఇప్పుడు ఏమాత్రం గుర్తులేని పాత కోరికను అతని మీద రుద్దడం అన్యాయమని, ముందుగా నిర్ణయించిన వ్యక్తికి ఈ స్థితి ఎలా ఉంటుందో సరిగా తెలిసి ఉండకపోవచ్చునని ఆమె అన్నది.

గొట్టం విషయంలో ఈ ఇద్దరి వాదాలు ఢీకొనే సందర్భాలు తక్కువేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. సంతోషంగా ఉన్న రోగికి ప్రాణం నిలిపే సులువైన చికిత్సను ఆపివేయడమైతే డ్రెస్సర్ అభ్యంతరం బలమైనదే. గొట్టం అటువంటి చికిత్స కాదు. ఆయువు పెంచుతుందన్న ఆధారం లేదు, చేతులు కట్టవలసి రావచ్చును. పాత కోరిక, నేటి సుఖం రెండూ ఇక్కడ ఒకే వైపుకు చూపుతున్నవి. నోటితో తినడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవి నిజంగా విడిపోతాయి. దానికి నిదర్శనం కెనడాలోని బెంట్లీ కేసు.

బెంట్లీ కేసు

మార్గరెట్ బెంట్లీ బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికి చెందిన నర్సు. 1991లో ఆమె ఒక పత్రం వ్రాసి సాక్షులతో సంతకం చేయించింది. కోలుకునే ఆశలేని స్థితిలో తనకు పోషణ గాని ద్రవాలు గాని ఇవ్వవద్దని అందులో ఉన్నది. 1999లో ఆమెకు అల్జీమర్స్ వ్యాధి అని తేలింది. చివరి దశలో ఆమె సంరక్షణ గృహంలో ఉండగా సిబ్బంది చెంచాతో తినిపించేవారు. పెదవికి చెంచా తాకిస్తే ఆమె నోరు తెరిచేది. అది ఇష్టం కాదని, కేవలం అసంకల్పిత చర్య అని కుటుంబం వాదించి, తినిపించడం మానమని కోరింది.

2014లో అక్కడి సుప్రీంకోర్టు కుటుంబం కోరికను త్రోసిపుచ్చింది. చెంచాతో తినిపించడం వైద్యం కాదు, వ్యక్తిగత సంరక్షణ అని, ఆమె నోరు తెరవడం ప్రస్తుత సమ్మతి అని తీర్పు చెప్పింది. పైకోర్టు 2015లో ఆ ఫలితాన్నే నిలబెట్టింది. ఆమె 2016లో మరణించింది. ఆ పత్రంలో "పోషణ" అన్న మాట ఉన్నది గాని, అది గొట్టాన్ని ఉద్దేశించినదా, చెంచాను కూడా ఉద్దేశించినదా అనేది విడమరచి లేదు. దీనికి తోడు తేదీ లేని మరొక పత్రం కూడా బయటపడింది, దాని మాటలు మొదటిదానితో సరిపోలలేదు. నర్సుగా రోగులను చూచిన మనిషి వ్రాసినదే ఇలా అయినప్పుడు మామూలువారి పత్రాల సంగతి చెప్పనక్కరలేదు.

భారతదేశంలో చట్ట స్థితి

కామన్ కాజ్ అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 మార్చి 9న ముందస్తు వైద్య ఆదేశాన్ని (వాడుకలో లివింగ్ విల్లు) గుర్తించింది. గౌరవంగా మరణించే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని చెప్పింది. అప్పుడు పెట్టిన పద్ధతి చాలా కష్టమైనది. పత్రం మీద ప్రథమ తరగతి జ్యుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం కూడా కావలసి ఉండేది. 2023 జనవరి 24న మరొక ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని సడలించింది.

సడలించిన పద్ధతి ప్రకారం, స్వస్థచిత్తుడైన వయోజనుడు స్వచ్ఛందంగా పత్రం వ్రాయాలి. ఇద్దరు సాక్షులు, వీలైతే కుటుంబానికి సంబంధం లేనివారు, సంతకం చేయాలి. నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరించాలి. తాను చెప్పలేని స్థితిలో తన తరఫున మాట్లాడేవారి పేర్లు వ్రాయాలి, ఒకరికంటే ఎక్కువ మందిని పేర్కొనవచ్చును. ప్రతులను వారికి, కుటుంబ వైద్యునికి, స్థానిక సంస్థలో ఇందుకు నియమించబడిన అధికారికి అందజేయాలి.

అమలు చేయవలసిన సమయంలో, రోగి చేరిన ఆసుపత్రి ఒక ప్రాథమిక వైద్య మండలిని ఏర్పరుస్తుంది. ఇందులో చికిత్స చేసే వైద్యుడు, కనీసం ఐదేళ్ళ అనుభవం గల మరి ఇద్దరు నిపుణులు ఉంటారు. తరువాత జిల్లా ప్రధాన వైద్యాధికారి నియమించిన వైద్యుడు, మొదటి మండలిలో లేని ఇద్దరు నిపుణులు కలిసిన ద్వితీయ మండలి చూస్తుంది. ఒక్కొక్క మండలి వీలైనంతవరకు 48 గంటలలో అభిప్రాయం చెప్పాలి. పేర్కొనబడిన వ్యక్తుల సమ్మతి తీసుకొని, అమలుకు ముందు మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ద్వితీయ మండలి ఒప్పుకోకపోతే హైకోర్టుకు వెళ్ళవచ్చును.

ఇందులో ఒక్క నియమం పట్ల ప్రత్యేక శ్రద్ధ అవసరం. పత్రం అస్పష్టంగా ఉంటే మండలులు దానిని అమలు చేయవు. అప్పుడు రోగి ఏమీ వ్రాయనివానితో సమానం. "అనవసరమైన వైద్యం వద్దు", "యంత్రాల మీద బ్రతికించవద్దు" అన్న మాటలు వినడానికి బాగానే ఉంటాయి. ముక్కు గొట్టం యంత్రమా కాదా అని ఆ రాత్రి డ్యూటీ డాక్టరు ఎలా తేల్చాలి?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో కూడా ముందస్తు ఆదేశం అనే పేరుతో ఒక పత్రం ఉన్నది. అది మానసిక చికిత్సకు సంబంధించినది. పేరు ఒకటే అయినందున దాని ఫారాన్ని నింపి గొట్టం సంగతి తేలిపోయిందని అనుకోరాదు.

ఒక ఉదాహరణ

ఈ క్రింది ఉదాహరణ పద్ధతిని చూపడానికి కల్పించినది. విశ్రాంత పోస్టుమాస్టరు ఒకరికి 68వ ఏట అల్జీమర్స్ తొలి దశ అని తెలిసింది. ఆయన వదినగారు అదే వ్యాధితో చివరి ఎనిమిది నెలలు రైల్స్ ట్యూబుతో గడపడం కళ్ళారా చూశారు. ఆయన భార్యతో కలిసి వైద్యుని వద్దకు వెళ్ళి ఈ విషయం ఎత్తారు. వైద్యుడు ఒకేసారి ముగించకుండా వారం తేడాతో రెండుసార్లు, ఉదయం వేళ, మాట్లాడాడు. ఇలాంటి రోగులకు సాయంత్రం అయ్యేసరికి తికమక పెరుగుతుంది కాబట్టి వేళను కూడా రికార్డు చేయడం మంచిది. మొదటిసారి కొంతసేపు భార్యను బయట కూర్చోమని ఆయనతో ఒంటరిగా మాట్లాడాడు. ఒత్తిడి లేదని తెలుసుకునేందుకు ఇంతకంటే సులువైన మార్గం లేదు.

కేస్ షీటులో వ్రాసినది ఇలా ఉన్నది:

"ఉదయం 10-15. సంభాషణ తెలుగులో జరిగింది. రైల్స్ ట్యూబును చేతికిచ్చి చూపితిని. ఈ వ్యాధి చివరలో మింగలేకపోవచ్చునని, గొట్టం వలన ఆయువు పెరిగినట్లు ఆధారం లేదని, గొట్టం లేకుంటే తిన్నంత తింటూ కొన్ని రోజులలో గాని వారాలలో గాని మరణం రావచ్చునని, ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చునని తెలియజేసితిని. తిరిగి చెప్పమనగా ఆయన మాటలు: 'నేను మింగలేని రోజు వస్తుందండీ. అప్పుడు గొట్టం వేసినా ఈ జబ్బు తగ్గదు. వేయకపోతే త్వరగా పోతానేమో, పోనీండి. మా వదినకు చేతులు మంచానికి కట్టారు. నాకు అది వద్దు. మా ఆవిడ చేత్తో పెట్టినంత పెట్టమనండి.' ఇది తనకు రాబోయేదని గుర్తించుచున్నారు. కారణం తన అనుభవం నుండి చెప్పినారు. వారం క్రితం చెప్పినదే నేడును చెప్పినారు. ఈ నిర్ణయం విషయమై సామర్థ్యం కలదని నా అభిప్రాయం."

ఈ నమోదులో ముఖ్యమైనది రోగి స్వంత మాట. ఒక వైద్యుడు "సామర్థ్యం ఉన్నది" అని మాత్రమే వ్రాస్తే, తొమ్మిదేళ్ళ తరువాత మరొక వైద్యుడు దానిని నమ్మడానికి గాని కాదనడానికి గాని ఆధారం ఉండదు. "మా వదినకు చేతులు కట్టారు" అన్న మాట ఉంటే అది ఎవరో చెప్పించినది కాదని తెలిసిపోతుంది.

తరువాత నోటరీ వద్ద వ్రాసిన పత్రంలో నాలుగు సంగతులు విడివిడిగా ఉన్నవి. ఎప్పుడు వర్తిస్తుంది: అయినవారిని గుర్తించలేక, మంచం పట్టి, మింగలేని స్థితి శాశ్వతమని ఇద్దరు వైద్యులు చెప్పినప్పుడు. ఏది వద్దు: ముక్కు గొట్టం, పొట్ట గొట్టం, రక్తనాళం ద్వారా పోషణ. ఏది కావాలి: చేతితో ఇష్టమైనంత తినిపించడం, నోరు తడపడం, నొప్పికి, ఆయాసానికి మందులు. నోరు తెరిస్తే పెట్టాలి, మూస్తే బలవంతం చేయరాదు. చివరిది, ఎవరు మాట్లాడాలి: ముందు భార్య, తరువాత కుమారుడు. అప్పటికే పక్షవాతం వంటి కోలుకోదగిన కారణంతో మింగలేకపోతే రెండు వారాలు మాత్రం గొట్టం ప్రయత్నించవచ్చునని కూడా ఆయన చేర్పించారు. బెంట్లీ పత్రంలో లోపించినది ఈ విడమరపే.

తొమ్మిదేళ్ళ తరువాత జ్వరం, ఆయాసంతో ఆయనను ఆసుపత్రిలో చేర్చారు. మింగడం కుదరక డ్యూటీ డాక్టరు రైల్స్ ట్యూబు వేయబోగా కుమారుడు పత్రం చూపించాడు. విదేశంలో ఉన్న కుమార్తె ఫోనులో, "అన్నయ్యా, నాన్నను ఆకలితో మాడుస్తారా?" అని ఏడ్చింది. పత్రంలో ఆమె పేరు లేదు. కాబట్టి నిర్ణయం ఆమెది కాదు, అయినా ఆమెను వినకుండా ముందుకు పోవడం సరికాదు. వైద్యుడు పాత కేస్ షీటులోని తండ్రి మాటలను ఆమెకు చదివి వినిపించాడు. ఆ సంభాషణను కూడా తేదీ, సమయంతో నమోదు చేశాడు. నోటిలో పుండ్లు, మందుల మత్తు మొదలైన కారణాలు చూసి వ్రాశారు. జ్వరం తగ్గిన నాలుగు రోజులకు కూడా మింగే శక్తి రాకపోవడంతో ప్రాథమిక మండలి, తరువాత ద్వితీయ మండలి పత్రాన్ని అంగీకరించాయి. భార్య సమ్మతి వ్రాసుకొని మేజిస్ట్రేటుకు తెలియజేశారు.

యాంటీబయాటిక్‌ల గురించి పత్రంలో ఏమీ లేదు. కనుక ఆ మందులను పత్రం పేరుతో ఆపలేదు, వాటి మంచిచెడ్డలను విడిగా చర్చించారు. నిరాకరణను వ్రాసిన దానికంటే విస్తరించి చదవడం కూడా వ్రాయని వాని మీద రుద్దడం వంటిదే. ఆయన ఇంటికి చేరిన తరువాత రోజుకు కొన్ని చెంచాల జావ, కొబ్బరినీళ్ళు మింగుతూ మూడు వారాలు ఉన్నారు. తులసి తీర్థంతో పెదవులు తడిపే మన పాత అలవాటు, నోరు ఎండకుండా తడి దూదితో అద్దమని ఉపశమన వైద్యులు చెప్పేది ఇక్కడ ఒకటే అయినవి.

నమోదులో జరిగే తప్పులు

"పేషెంటు తరఫువారు గొట్టం వద్దన్నారు" అని వ్రాసి బంధువు చేత వేలిముద్ర వేయించుకోవడం ఎక్కువగా కనిపించే పద్ధతి. ఇది ఆసుపత్రికి రక్షణ పత్రమేమో గాని రోగి నిరాకరణ కాదు. ఇందులో రోగి ఎక్కడా లేడు. మరొక తప్పు, వ్యాధి మధ్య దశ దాటిన తరువాత హడావుడిగా సంతకం చేయించడం. సంతకం చేయడం చేతికి అలవాటైన పని కాబట్టి అర్థం కాకపోయినా చేయి సంతకం చేస్తుంది. అటువంటి సందర్భంలో పాత ఉత్తరాలు, రోగి ఇతరుల జబ్బుల గురించి అన్న మాటలు, అవి ఎప్పుడు ఎవరి ఎదుట అన్నాడో సేకరించి, ఇది కుటుంబం తెలిపిన సమాచారమని స్పష్టంగా పేర్కొని వ్రాయడమే నిజాయితీ. ముందస్తు ఆదేశం లేని రోగులకు కూడా 2018 తీర్పులో వేరుగా పద్ధతి ఉన్నది.

పత్రాన్ని బీరువాలో పెట్టి తాళం వేయడం మూడవ తప్పు. అర్ధరాత్రి అత్యవసర విభాగంలో కనిపించని పత్రం లేనట్లే. ఒక ప్రతి రోగి మందుల సంచిలో ఉండడం మేలు.

గొట్టం ఒకసారి వేసిన తరువాత తీయడం, మొదటే వేయకపోవడం నైతికంగా సమానమేనని వైద్యనీతిలో సాధారణంగా అంగీకరించిన విషయం. కుటుంబాల అనుభవం వేరు. ఉన్న గొట్టాన్ని తీయమని సంతకం పెట్టడానికి చేయి వణుకుతుంది. అందుచేత తాత్కాలికంగా వేసేటప్పుడే ఎన్నాళ్ళు, ఏమి మెరుగు కనిపిస్తే ఉంచాలి అనేది వ్రాసుకోవడం మంచిది.

2023 నాటి పద్ధతి ఆసుపత్రిలో చేరిన రోగిని దృష్టిలో ఉంచుకొని వ్రాయబడినది. ఇంటి వద్దనే మంచం పట్టి, ఆసుపత్రికి తీసుకొనిపోకుండా చూచుకొనే రోగి విషయంలో మండలులను ఎవరు ఏర్పరచాలనేది అందులో లేదు. అటువంటి ఇళ్ళలో కుటుంబ వైద్యుని పుస్తకంలోని తేదీ వేసిన పేజీ, పేర్కొనబడిన వ్యక్తి వద్దనున్న ప్రతి మాత్రమే ఆధారాలు.